హెల్మెట్ లోపలి చెమట వాసన: కడగవలసిన ఫోమ్ ఒకటి, కాపాడుకోవలసిన ఫోమ్ ఒకటి

"ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్లకు రోజూ బండి మీద పోయి వస్తాను. బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. హెల్మెట్ కొని రెండేళ్లయింది. లోపల చెమట వాసన భరించలేకుండా ఉంది, బెల్టు తెల్లబడి కట్టెలాగా బిగుసుకుపోయింది. చెంపల దగ్గర ఉండే ప్యాడ్లు ఊడి వస్తాయి గానీ తల మీది మెత్త ఊడి రాదు. మా అమ్మ సబ్బుపొడి నీళ్లలో రాత్రంతా ముంచి పెట్టమంటుంది. అట్లా చేస్తే లోపల ఫోమ్ పాడవుతుందా? ఎట్లా శుభ్రం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి."

హెల్మెట్‌ను మొత్తంగా ముంచి పెట్టవద్దండి. ఊడి వచ్చే చెంప ప్యాడ్లను మాత్రం అమ్మగారు చెప్పినట్టే నీళ్లలో నానబెట్టవచ్చు, కాకపోతే సబ్బుపొడికి బదులు షాంపూ వాడాలి. తల మీది మెత్తను ఉన్నచోటనే నురగతోనూ తడిగుడ్డతోనూ శుభ్రం చేయాలి. బెల్టును విడిగా చిన్న గిన్నెలో నానబెట్టాలి. నేను కర్నూలులో పదిహేడేళ్లుగా హెల్మెట్లు, బండి సామాన్ల దుకాణం నడుపుతున్నాను. శుభ్రం చేయబోయి పాడుచేసుకున్న హెల్మెట్లను చాలా చూశాను, మొదట్లో నేనే ఒకదాన్ని పాడుచేశాను. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

మనం ఫోమ్ అని ఒకే పేరుతో పిలిచేవి హెల్మెట్‌లో రెండు ఉన్నాయి. తలకు తగిలే గుడ్డ వెనుక ఉండేది పాలీయురేథేన్ స్పాంజి. కుర్చీ దిండులో ఉండేదీ అదే జాతిది. వేలితో నొక్కితే అణిగి మళ్లీ లేస్తుంది, లోపలి సన్నటి గాలి గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి కాబట్టి చెమటను, తలనూనెను, సబ్బునీటిని దేన్నైనా పీల్చుకుంటుంది. దాని వెనుక, పైచిప్పకు ఆనుకుని గట్టిగా ఉండేది థర్మాకోల్, అంటే పాలీస్టైరీన్ గింజలను ఆవిరితో ఉబ్బించి అచ్చులో పోసినది. కింద పడినప్పుడు ఈ థర్మాకోల్ తాను నలిగిపోయి దెబ్బను మింగుతుంది. వాసన దాదాపు మొత్తం మొదటిదానిలో ఉంటుంది, ప్రాణం కాపాడే పని ఎక్కువగా రెండోది చేస్తుంది. మొదటిదాన్ని ఎంత శ్రద్ధగా కడగాలో, రెండోదాన్ని వేడికీ ద్రావకాలకూ అంత దూరంగా ఉంచాలి.

నీటి వల్ల థర్మాకోల్ కరగదు. మరి ముంచితే నష్టమేమిటంటే, పైచిప్పకూ థర్మాకోల్‌కూ మధ్యన, తల మెత్తను అంటించిన చోట్ల, గాలి ఆడని సందుల్లోకి సబ్బునీరు చేరుతుంది. అది బయటికి వచ్చే దారి ఉండదు. పైన గుడ్డ ఆరిపోయినట్టు కనిపించినా లోపల నాలుగైదు రోజులు తడి నిలిచి, చెమట వాసన పోయి ముక్క వాసన పట్టుకుంటుంది. జిగురు కూడా నాని మెత్త అక్కడక్కడ లేచిపోతుంది. ఇక లేచిన మెత్తను మళ్లీ అంటించాలన్న ఆలోచన వస్తుంది, అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆ సంగతి కింద చెబుతాను.

వాసన దేనివల్ల వస్తున్నదో చూద్దాం. చెమట ఒంటి మీద పుట్టినప్పుడు దానికి దాదాపు వాసన ఉండదు. స్పాంజిలో చేరిన చెమటను, చర్మపు పొలుసును, తలనూనెను సూక్ష్మజీవులు తిని వదిలినవి కంపు కొడతాయి. మన ఇళ్లలో తలకు కొబ్బరినూనె రాసుకుని బయలుదేరే అలవాటు ఉంది కాబట్టి, నుదురు, నడినెత్తి తగిలే చోట ఆ నూనె స్పాంజిలోకి దిగి, నెలల తరబడి నిలిచి, పాతబడిన నూనె వాసనను చేరుస్తుంది. చెమటలోని ఉప్పు అక్కడే మిగిలిపోయి గాలిలోని తేమను పీల్చి మెత్తను పూర్తిగా ఆరనివ్వదు. అందువల్ల వాసన పోవాలంటే నూనె, ఉప్పు, మురికి మూడూ నీటితో బయటికి రావాలి. సెంటు కొట్టడం వల్ల ఆ మూడింటిలో ఒక్కటి కూడా కదలదు. పైగా స్ప్రే డబ్బాల్లో నొక్కుడు కోసం నింపే గ్యాసు, అందులోని ద్రావకాలు థర్మాకోల్‌కు సరిపడవు.

ఏవి వాడకూడదో ఇక్కడే చెప్పేస్తాను. పెట్రోలు, కిరసనాయిలు, పెయింట్ థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం ఇవి థర్మాకోల్‌ను తినేస్తాయి. ఇవి చాలామందికి తెలిసినవే. తెలియనివి ఇంకో రెండున్నాయి. మొదటిది నాఫ్తలీన్ ఉండలు, అంటే బీరువాలో చీరల మధ్య వేసే తెల్ల గోలీలు. వాసన పోతుందని హెల్మెట్ లోపల రెండు ఉండలు వేసి మూటగట్టి ఉంచేవారున్నారు. వాటి ఆవిరికే పాలీస్టైరీన్ మెత్తబడుతుంది. రెండోది నిమ్మ, చీనీ తొక్కలతో రుద్దడం. మన జిల్లాల్లో చీనీ తోటలకు కొదవ లేదు కాబట్టి ఈ చిట్కా అందరి నోటా వినిపిస్తుంది. ఆ తొక్కలో ఉండే నూనె ముఖ్యంగా లిమొనీన్, అది పాలీస్టైరీన్‌ను కరిగించే ద్రావకం. నమ్మకం కుదరకపోతే టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ ముక్క ఒకటి తీసుకుని, తాజా చీనీ తొక్కను దాని మీద మడిచి గట్టిగా పిండి, కొద్దిసేపటి తరువాత చూడండి. నూనె పడినచోట గింజలు కుంగి చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. నిమ్మరసంతో ఆ భయం లేదు, తొక్కలోని నూనెతోనే వస్తుంది.

నేను చేసిన తప్పు రబ్బరు సొల్యూషన్‌తో జరిగింది. దుకాణం పెట్టిన రెండో ఏడాది, నా సొంత హెల్మెట్‌నే బకెట్‌లో ముంచి కడిగాను. నడినెత్తి దగ్గర మెత్త లేచింది. చెప్పుల అట్టలు అంటించే పసుపుపచ్చ జిగురు ఇంట్లో ఉంటే, వేలితో తీసి ధారాళంగా పూసి అంటించాను. బాగానే అతుక్కుంది. రెండు వారాల తరువాత తల మీద ఏదో వదులుగా ఉన్నట్టు అనిపించి, మెత్తను అంచు దగ్గర పైకెత్తి చూస్తే, జిగురు పూసినచోట థర్మాకోల్ నా బొటనవేలి కొస ఇమిడేంత లోతున కరిగి, పైన పగిలిన చక్కెరపాకంలాగా మెరుస్తున్నది. ఆ జిగురును పలుచగా ఉంచే ద్రావకం చేసిన పని అది. బయటి నుంచి చూస్తే హెల్మెట్ కొత్తదానిలాగే ఉంది. ఆ రోజే దాని బెల్టు కోసి పారేశాను, ఎవరైనా తీసుకుని పెట్టుకుంటారేమోనని.

ఇక నీళ్ల సంగతి. ప్రొద్దుటూరు వైపు బోరు నీళ్లు కఠినమైనవి. కఠినజలంలో మామూలు స్నానపు సబ్బు, బట్టల సబ్బుబిళ్ల నురగ రాకపోగా నీటిలోని సున్నంతో కలిసి తెల్లటి జిడ్డుగా విరుగుతాయి. బట్ట మీదైతే జాడించి వదిలించవచ్చు గానీ, స్పాంజి లోపల ఆ జిడ్డు చిక్కుకుంటే మళ్లీ బయటికి రాదు, దాని మీద మళ్లీ మురికి పడుతుంది. సబ్బుపొడి అంతగా విరగదు గానీ మిగిలిన పొడి స్పాంజిలో ఉండిపోయి, మరుసటి రోజు చెమటకు కరిగి నుదుటి మీద మంట పుట్టిస్తుంది. తలకు వాడే షాంపూ కఠినజలంలోనూ పనిచేస్తుంది, తలనూనెను వదిలించడానికే తయారైనది, చర్మానికి తగిలినా హాని ఉండదు. కండిషనర్ కలిపినది వద్దు, అది మళ్లీ జిడ్డునే వదులుతుంది. కుంకుడురసం మురికిని వదిలిస్తుంది గానీ దాని నలకలు స్పాంజిలో మిగులుతాయి, అందుకని హెల్మెట్‌కు నేను వాడను. ఆఖరి జాడింపులకు తాగే నీళ్లు రెండు లీటర్లు దొరికితే చాలు.

ఇంకో చిన్న సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగిపోతాయి. ఉదయం పూట పట్టిన నీళ్లే వాడండి. మణికట్టు లోపలివైపు పోసుకుంటే గోరువెచ్చగా అనిపించాలి, అంతకు మించిన వేడి అవసరం లేదు.

పోయిన ఏడాది మే నెలలో, అచ్చం మీలాగే, బేతంచెర్లలో బండల పని చేసే ఒకాయన తన హెల్మెట్‌ను నా దగ్గరికి తెచ్చారు. చెంప ప్యాడ్లు ఊడి వచ్చేవి, తల మెత్త అంటించినది, రెండేళ్ల వాడకం. దాన్ని ఎలా చేశానో వరుసగా చెబుతాను, మీరూ అలాగే చేయవచ్చు.

ముందు పొడిదుమ్ము పోవాలి. బండల పొడి ఉన్న హెల్మెట్‌కు నేరుగా నీళ్లు తగిలిస్తే ఆ పొడి బురదై బెల్టు నేతలోకి, స్పాంజి గుడ్డలోకి దిగిపోతుంది. కాబట్టి హెల్మెట్‌ను తలకిందులుగా పట్టుకుని అరచేత్తో మెల్లగా తట్టి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో గుడ్డ మీదా, గాలి రంధ్రాల్లోనూ, లాక్ సందుల్లోనూ పొడిగానే దులిపాను. అద్దం విప్పి పక్కన పెట్టాను. లోపల అంటించిన కంపెనీ చీటీ ఉంటే దాన్ని తడపకండి, కడిగే విధానం దాని మీదో, కొన్నప్పుడు ఇచ్చిన కాగితం మీదో రాసి ఉంటే ముందు దాన్ని చదవండి.

చెంప ప్యాడ్లు మామూలుగా మూడు టిచ్ బటన్ల మీద నిలబడతాయి. స్పాంజిని పట్టుకుని లాగితే గుడ్డ చిరుగుతుంది, బటన్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. వేలిని ప్యాడ్ వెనక్కి పోనిచ్చి, బటన్ పక్కనే ఉన్న ప్లాస్టిక్ రేకు కింద పెట్టి ఒక్కొక్క బటన్‌నే లేపాలి. కుడి ఏదో ఎడమ ఏదో, బెల్టు ఏ రంధ్రంలోంచి వచ్చిందో తీసేముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. నాలుగు లీటర్ల నీటిలో రెండు చిన్న షాంపూ ప్యాకెట్లు కలిపి ప్యాడ్లను వేసి, అరచేత్తో ఇరవై ముప్పై సార్లు అణిచి వదిలాను. అణిచినప్పుడు లోపలి మురికి బయటికి వస్తుంది, వదిలినప్పుడు షాంపూ నీరు లోపలికి పోతుంది. పిండితే, మెలిపెడితే స్పాంజి గదులు చిరిగి ప్యాడ్ ఆకారం పోతుంది, ఆ తరువాత చెంపలకు సరిగ్గా ఆనదు. అరగంట నాననిచ్చి చూస్తే నీళ్లు పాలు పోయని టీ రంగుకు వచ్చాయి. ఆ నీళ్లు పారబోసి ఒక ప్యాకెట్‌తో మళ్లీ అలాగే చేశాను. రెండోసారి లేత గంజిరంగులో వచ్చాయి.

ఇక జాడించడం. చాలామంది ఇక్కడే తొందరపడతారు, వాసన మళ్లీ రావడానికి కారణాల్లో ఇదీ ఒకటి. ఎన్నిసార్లు జాడించాలో లెక్క పెట్టుకోవడం కంటే, ప్యాడ్‌ను అణిచి వచ్చిన నీటిని గాజు గ్లాసులో సగం పట్టి, మీద చేయి మూసి గట్టిగా ఊపి చూడండి. నురగ నిలిచి ఉంటే షాంపూ ఇంకా ఉందని అర్థం. బుడగలు వెంటనే పగిలి, నీరు తేటగా కనిపించేదాకా జాడించాలి. ఆ ప్యాడ్లకు ఆరుసార్లు పట్టింది, చివరి రెండుసార్లు తాగే నీళ్లే వాడాను. తరువాత తువ్వాలులో చుట్టి, మీద మోచేత్తో ఒత్తి, నీడలో ఫ్యాను కింద నిలబెట్టాను. ఊడదీసిన ప్యాడ్లను ఉదయపు ఎండలో అరగంట ఉంచినా ఫరవాలేదు.

తల మెత్త పని నిదానంగా చేయవలసినది. పావు లీటరు నీటిలో అర చెంచా షాంపూ వేసి, గుడ్డు గిలకొట్టే కవ్వంతో నురగ గట్టిగా నిలిచేదాకా చిలికాను. పాత్రలు తోమే కొత్త స్పాంజి ముక్క మెత్తటివైపు ఆ నురగను మాత్రమే ఎత్తుకుని, అడుగున ఉన్న నీటిని వదిలేశాను. హెల్మెట్‌ను చుట్టగా చుట్టిన తువ్వాలు మీద వెల్లకిలా నిలబెట్టి, నుదుటి భాగం నుంచి మొదలుపెట్టి, అరచేయంత జాగాను ఒకసారికి తీసుకుని, నురగను అద్ది, వేళ్లతో మెల్లగా నొక్కి వదులుతూ పోయాను. రుద్దలేదు. రుద్దితే గుడ్డ నూలు లేచి, అంటించిన అంచులు వదులవుతాయి. ఐదు నిమిషాలు ఆగి, తడిపి గట్టిగా పిండిన నూలుగుడ్డను ఆ జాగా మీద పరచి, అరచేత్తో పదిసార్లు ఒత్తాను. స్పాంజిలోని నురగ, మురికి ఆ గుడ్డలోకి వస్తాయి. గుడ్డను జాడించి పిండి మళ్లీ ఒత్తడం, మళ్లీ జాడించడం. నుదుటి భాగానికి తొమ్మిదిసార్లు పట్టింది, మొదటి మూడుసార్లు గుడ్డ మీద ముదురు గోధుమరంగు మరక పడింది, ఏడోసారికి మరక పోయింది, మిగిలిన రెండూ షాంపూ కోసం. వెనుక మెడ దగ్గరి భాగానికి నాలుగుసార్లే చాలాయి. మొత్తం ముప్పావు గంట పని. చివరికి పొడి తువ్వాలును లోపల కూరి, పిడికిలితో అన్నివైపులా ఒత్తి, తువ్వాలు మార్చి ఇంకోసారి ఒత్తాను.

ఆరబెట్టేటప్పుడు హెల్మెట్‌ను ఎండలో పెట్టకండి. మే నెల ఎండలో నల్ల హెల్మెట్ పైచిప్ప గాలి వేడి కంటే చాలా ఎక్కువగా కాగుతుంది. థర్మాకోల్ సుమారు 80 డిగ్రీలు చేరేసరికి మెత్తబడి కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది, అంటించిన జిగురు అంతకంటే ముందే వదులవుతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం దగ్గరగా పెడితే ఆ వేడి నిమిషాల్లోనే చేరుతుంది కనుక అదీ వద్దు. నీడలో, లోపలివైపు ఫ్యానుకు ఎదురుగా ఉండేట్టు పక్కకు వాల్చి పెట్టి, గాలి రంధ్రాలన్నీ తెరిచి ఉంచాలి. వేసవిలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీడలోనే బాగా ఆరుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం ఈ పని మొదలుపెట్టవద్దు.

ఆరిందో లేదో చేతితో తడిమి చెప్పలేము, గుడ్డ ముందు ఆరుతుంది, స్పాంజి అడుగు ఆఖరున ఆరుతుంది. నా దగ్గర తూకం యంత్రం ఉంది కాబట్టి తూచాను. ప్యాడ్లు, అద్దం లేకుండా కడగకముందు ఆ హెల్మెట్ 1,040 గ్రాములు తూగింది. కడిగి ఒత్తిన తరువాత 1,112. మరుసటి రోజు సాయంత్రానికి 1,046కు దిగింది, చేతికి పూర్తిగా పొడిగానే తగిలింది. ఆ మరుసటి ఉదయం 1,036 దగ్గర ఆగిపోయింది, మధ్యాహ్నానికీ అంతే. అంకె దిగడం ఆగిపోతే ఆరినట్టు. కడగకముందు కంటే నాలుగు గ్రాములు తగ్గింది, అది పోయిన ఉప్పు, మురికి, వాటితోపాటు ఉన్న తేమ. మీ ఇంట్లో వంటింటి తూకం ఉంటే ఇలాగే చూడండి. లేకపోతే నాలుగు మడతల కాగితపు రుమాలును నుదుటి భాగం మీద పెట్టి బొటనవేలితో పది లెక్కపెట్టేదాకా గట్టిగా నొక్కి, కాగితం చల్లగా గానీ మెత్తగా గానీ అయిందేమో చూడండి.

వాసన పరీక్ష ఆరిన తరువాతే చేయాలి. హెల్మెట్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, గదిలోనే ఒక గంట ఉంచి, విప్పగానే ముక్కు దగ్గర పెట్టి చూడండి. ఊరికే వాసన చూస్తే తెలియనిది ఇలా చూస్తే తెలుస్తుంది. ఇంకా మిగిలి ఉంటే ఒక వంతు తెల్ల వెనిగర్‌కు పది వంతుల నీరు కలిపి, ఆ నీటిలో పిండిన గుడ్డతో అదే జాగాల మీద ఒత్తి, పది నిమిషాల తరువాత మంచినీటి గుడ్డతో మూడుసార్లు ఒత్తి, మళ్లీ మొత్తం ఆరబెట్టండి. ఆ పలుచటి వెనిగర్ థర్మాకోల్‌ను ఏమీ చేయదు. వంట సోడా చల్లి దులిపేయమని చెప్పేవారున్నారు గానీ, ఊడిరాని మెత్తలోంచి ఆ పొడి పూర్తిగా బయటికి రాదు.

బెల్టు గురించి మీరు తెల్లబడింది అన్నారు. మీ విషయంలో ఆ తెలుపు రెండు రకాలదీ కావచ్చు. చెమట ఉప్పు అయితే గోరువెచ్చని నీటి చుక్క పెట్టి వేలితో రుద్దగానే మాయమై, ఆరిన తరువాత చుట్టూ గీతలాగా మళ్లీ తేలుతుంది. బండల పొడి అయితే నీటికి పోదు. కడప బండ సున్నపురాయే కనుక, ఒక చుక్క వెనిగర్ వేస్తే సన్నటి బుడగలు లేస్తాయి, చెవి దగ్గర పెడితే చిటపట కూడా వినిపిస్తుంది. బేతంచెర్ల ఆయన బెల్టులో గడ్డం కింద ఉప్పు, చెవుల దగ్గర రాతిపొడి ఉన్నాయి. ఈ పొడిని తేలికగా తీసుకోకండి. నేత మధ్య చేరిన రాతి నలకలు బెల్టు వంగినప్పుడల్లా నూలును లోపలి నుంచి ఒరుస్తాయి.

పొడిగా దులిపిన తరువాత, హెల్మెట్‌ను బల్ల అంచున పెట్టి, కింద స్టూలు మీద గోరువెచ్చని నీళ్ల గిన్నె ఉంచి, బెల్టు మాత్రమే మునిగేట్టు వేలాడదీయండి. అరగంట నానితే ఉప్పు కరిగి బెల్టు మెత్తబడుతుంది. నీళ్లు మార్చి, నాలుగు చుక్కల షాంపూ వేసి, పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో నేత పొడవునా ఒకే వైపుకు తోమండి. అడ్డంగా తోమితే నూలు లేస్తుంది. రాతిపొడి ఉన్నచోట పైన చెప్పిన వెనిగర్ నీటినే అద్ది, బుడగలు ఆగిన తరువాత తోమి, రెండుసార్లు నీళ్లు మార్చి జాడించండి. బట్టల బ్లీచింగ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. తెల్లగా కనిపించవచ్చు గానీ నైలాన్ బలం తగ్గిపోతుంది, ఆ తగ్గుదల కంటికి కనబడదు. లాక్ పళ్లల్లో ఇరుక్కున్న మట్టిని అదే బ్రష్‌తో తీసి, నీళ్లు పోసి కడిగి, గుడ్డతో తుడిచేయండి. అందులో నూనె వేయకండి, బండల పొడి నూనెకు అంటుకుని రెండు వారాల్లో లాక్ పట్టేస్తుంది.

బెల్టు శుభ్రమైన తరువాత వెలుగులో పట్టుకుని అంగుళం అంగుళం చూడండి. మురికి కప్పినవి అప్పుడే బయటపడతాయి. కుట్టు దారాలు తెగి ఉన్నా, అంచు నూలు కుచ్చులాగా లేచినా, పైచిప్పకు బిగించిన రివెట్ చుట్టూ తుప్పు పట్టి బెల్టు వదులుగా ఊగుతున్నా ఆ హెల్మెట్ మార్చవలసిందే. బెల్టును బయట కుట్టించడం నేను ఒప్పుకోను.

అలాగే ప్యాడ్లు తీసిన అదనులో చెంపల వెనుక కనిపించే థర్మాకోల్‌ను, తల మెత్త అంచుల దగ్గర కనిపించినంత మేర చూడండి. గింజలు గింజలుగా, సమంగా, మెరుపు లేకుండా ఉండాలి. ఎక్కడైనా నునుపుగా మెరుస్తున్నా, గుంట పడినా, గీతలాగా చీలినా, పైచిప్పకూ దానికీ మధ్య కాగితం దూరేంత సందు ఏర్పడినా శుభ్రం చేయడంలో అర్థం లేదు. కుడి ఎడమలను పోల్చి చూస్తే తేడా తేలికగా తెలుస్తుంది. స్పాంజి మాటకు వస్తే, అణిచి వదిలినప్పుడు లేవకుండా జిగటగా ఉంటే, లేదా జుట్టులో నల్లటి పొడి రాలుతుంటే, అది కాలం తీరి పొడిబారుతున్నదని అర్థం. కడిగినకొద్దీ ఇంకా రాలుతుంది. చెంప ప్యాడ్లయితే ఆ మోడల్‌కు విడిగా దొరుకుతాయేమో కొన్నచోటనే అడగండి. సీట్ కవర్లు కుట్టేచోట కొత్త స్పాంజి వేయిస్తే మందం మారి హెల్మెట్ తల మీద ఎత్తుగా నిలుస్తుంది, పైగా వాళ్లు అంటించేది నేను చెప్పిన ఆ రబ్బరు జిగురుతోనే. తల మెత్త రాలుతుంటే హెల్మెట్‌నే మార్చండి.

ఇలా శుభ్రం చేసిన తరువాత మీ పనికి నెలకొకసారి చెంప ప్యాడ్లు, మూడు నెలలకొకసారి తల మెత్త చాలు. లోపల పలుచటి నూలు టోపీ పెట్టుకుని దాన్ని రోజూ ఉతుక్కుంటే నూనె స్పాంజి దాకా చేరదు. మందంగా ఉండే తువ్వాలు చుట్టుకుని మీద హెల్మెట్ పెట్టుకోకండి, బిగుతు తప్పుతుంది. ఫ్యాక్టరీలో హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద బోర్లించి పెట్టే అలవాటు ఉంటే మానండి. మూత చుట్టూ వచ్చే ఆవిరి నేరుగా థర్మాకోల్‌కే తగులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు ముందు బెల్టును ప్యాడ్ రంధ్రంలోంచి బయటికి లాగి, ఆ తరువాతే బటన్లు నొక్కండి. మూడూ టిక్కుమని శబ్దం చేయాలి, రెండే వినిపిస్తే ఒకటి పక్కన కూర్చున్నట్టు. కడిగిన స్పాంజి కాస్త ఉబ్బుతుంది కాబట్టి మొదటి రెండు రోజులు బిగుతుగా అనిపించడం సహజం. పెట్టుకుని, బెల్టు బిగించి, గడ్డం దగ్గర రెండు చేతులతో పట్టి హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. చెంపల చర్మం దానితోపాటు కదలాలి. తరువాత తల ముందుకు వంచి, వెనుక అంచు పట్టుకుని పైకి లాగండి, తల మీదనుంచి ఊడి రాకూడదు.